ఎడమచేతి కుట్టుమిషన్

ఈ సంగతిలో తప్పు నాది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువవుతుంది.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ముప్ఫై రెండేళ్ళుగా అదే పని. మిషన్ శబ్దం వింటే చాలు, ఏ స్క్రూ వదులైందో చెప్పేస్తాను. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది కానీ ఫోన్ వచ్చాక లోకజ్ఞానం బాగా పెరిగిందని నా నమ్మకం. మా మెకానిక్కుల గ్రూపులో రోజూ పొద్దున్నే మొదటి మెసేజ్ నాదే. అది ఎవరూ అడగకపోయినా పెడతాను.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, కుట్టుపని చేస్తుంది. ఇంట్లో ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మిషన్. కాలితో తొక్కేది, పాతది, గట్టిది. అన్నయ్య బస్సు నడుపుతాడు, వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆ ఇంట్లో సగం ఖర్చు ఆ మిషన్ మీదే నడుస్తుంది. మూడేళ్ళ కిందట వదిన పాత చొక్కాలను సంచులుగా, పాత ప్యాంట్లను దిండు గలీబులుగా ఎలా మార్చాలో చూపిస్తూ ఒక వీడియో చానల్ పెట్టింది. ఇప్పుడు దానికి మూడు వేల ఎనిమిది వందల మంది ఉన్నారు. అందులో నాకు తెలిసినవాళ్ళే రెండు వందల మంది ఉంటారు, వాళ్ళ ఫోన్లు తీసుకుని నేనే సబ్‌స్క్రైబ్ నొక్కించాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసి వెంటనే రమ్మంది. వెళ్ళేసరికి ఫోన్‌ను దారపు ఉండల డబ్బాకి ఆనించి, దానికి ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఒక మెయిల్ వచ్చింది. మొదటి వాక్యం 'ప్రియమైన సృష్టికర్త గారికి' అని ఉంది.

"చూశావా మరిదీ, ఇన్నేళ్ళలో మీ అన్నయ్య ఒక్కసారైనా ఇలా పిలిచాడా?"

మెయిల్ సారాంశం ఇది. విదేశాల్లోని ఒక కుట్టుమిషన్ల కంపెనీ. మీ చానల్‌లోని అద్భుతమైన కంటెంట్ మాకు ఎంతో నచ్చింది. మా కొత్త ఆటోమేటిక్ మిషన్ మీకు ఉచితంగా పంపుతాం, దాని మీద ఒక వీడియో చేస్తే ఎనభై వేలు ఇస్తాం. ఐదుగురికే అవకాశం, నలభై ఎనిమిది గంటల్లో ఒప్పుకోవాలి. కింద సంతకం దగ్గర కొలాబరేషన్ మేనేజర్ అని ఉంది. ఏ వీడియో నచ్చిందో, సంచుల వీడియోనో గలీబులదో, ఒక్క ముక్క లేదు. మెయిల్ అడ్రస్ కంపెనీ పేరు మీద లేదు, ఎవరైనా ఊరికే పెట్టుకునే ఉచిత అకౌంట్. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు నేను చూసింది ఎనభై పక్కన ఉన్న సున్నాలే.

రిజిస్ట్రేషన్ కోసం పన్నెండు వందలు కట్టమన్నారు. ఆ డబ్బు కంపెనీ ఖాతాకి కాక ఒక మనిషి పేరు మీద ఉన్న ఖాతాకి పంపమన్నారు. వదిన కొంచెం తటపటాయించింది. అంత పెద్ద కంపెనీకి ఇక్కడ ఏజెంటు ఉండడా అని నేనే ధైర్యం చెప్పాను. కట్టేసింది. గంటలో మిషన్ ఫోటో వచ్చింది.

ఆ ఫోటో చూసి నేను కుర్చీలోంచి లేచాను.

కుట్టుమిషన్‌కి చేత్తో తిప్పే చక్రం కుడిపక్క ఉంటుంది. మీ ఇంట్లో మిషన్ చూడండి, మీ పక్కింట్లో చూడండి, కుడిపక్కే ఉంటుంది. సూది ఎడమవైపు, చక్రం కుడివైపు. నా చేతుల మీదుగా వెళ్ళిన వేల మిషన్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా వేరేగా లేదు. ఈ ఫోటోలో చక్రం ఎడమపక్క ఉంది.

మా వదినది ఎడమచేతి వాటం.

మీరే చెప్పండి, నా స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటారు? వేరేవాడైతే గమనించేవాడే కాదు. గమనించేంత పనితనం ఉండడమే నా కొంప ముంచింది. కంపెనీవాళ్ళు ఆవిడ వీడియోలు చూసి, ఎడమచేత్తో కత్తెర పట్టుకోవడం కనిపెట్టి, ఎడమచేతివాళ్ళ కోసం చేసిన మిషనే ఎంచి పంపుతున్నారని నాకు కళ్ళు చెమర్చాయి. వదినకి వివరించాను. ఆవిడకీ చెమర్చాయి. చిన్నప్పుడు ఎడమచేత్తో సూది పట్టుకుందని బడిలో కుట్టు నేర్పే టీచరు వేళ్ళ మీద స్కేలుతో కొట్టిందట. ఆ కథ ఇరవై ఏళ్ళలో నాకు ఆవిడ చెప్పడం అదే మొదటిసారి.

రూఢి చేసుకోవడానికి మేనేజర్‌కి మెసేజ్ పెట్టించాను. ఇది ఎడమచేతివాళ్ళకి ప్రత్యేకంగా చేసిన మిషనేనా అని. అర నిమిషంలో జవాబు వచ్చింది. అవును మేడమ్, మీ వీడియో చూసి మీ కోసమే ప్రత్యేకంగా ఎంపిక చేశాం అని. వాడికి ఆ సంగతి మేమే చెప్పామని ఆ క్షణంలో మా ఇద్దరికీ తట్టలేదు.

గురువారం ఇంకో మెసేజ్ వచ్చింది. మిషన్ విమానాశ్రయానికి చేరిందట. పెట్టె మీద వదిన పేరు అతికించిన ఫోటో కూడా పెట్టారు. విడిపించడానికి పద్దెనిమిది వేల ఐదు వందలు డిపాజిట్ కట్టాలి, అది ఎనభై వేలతో కలిపి తిరిగి వచ్చేస్తుంది. శనివారం సాయంత్రం లోపల కట్టకపోతే మిషన్ వెనక్కి వెళ్ళిపోతుంది.

వదిన తెలివైన ప్రశ్నే అడిగింది. ఎలాగూ నాకు ఎనభై వేలు ఇస్తారు కదా, ఈ డిపాజిట్ అందులోంచి పట్టుకుని మిగతాది ఇవ్వండి అంది. మా సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్, పాలసీ అని జవాబు. ఆవిడ మొహం అదోలా అయింది. అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పెద్ద ఆఫీసుల్లో అంతే వదినా, కట్టే కౌంటర్ వేరు, ఇచ్చే కౌంటర్ వేరు అని పెద్ద అనుభవమున్నవాడిలా చెప్పాను.

ఇంట్లో అంత డబ్బు లేదు. వదిన ఆలోచించి ఆలోచించి, కొత్త మిషన్ వస్తున్నప్పుడు పాతది ఎందుకు, అమ్మేద్దాం అంది. నాకూ సబబుగానే తోచింది. ప్యాంట్లు కుట్టే టైలర్ ఒకాయన ఉన్నాడు, స్నానం చేసేటప్పుడు కూడా మెడలో టేపు తీయడని ప్రతీతి, అందరూ టేపాయన అంటారు. చాలాకాలంగా మంచి తొక్కుడు మిషన్ కోసం చూస్తున్నాడు. నేను వెళ్ళి చెప్పగానే మిషన్ చూడను కూడా చూడలేదు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే అన్నాడు. శనివారం మధ్యాహ్నం మూడింటికి వ్యాన్ తెస్తానన్నాడు.

మా ఆవిడకి మాత్రం ఈ వ్యవహారం మొదటినుంచీ మింగుడుపడలేదు. అక్కయ్య మిషన్ అక్కయ్య ఇంట్లోంచి వెళ్ళిపోవడమేమిటండీ అని రెండు రోజులు నన్ను చూపులతోనే కుట్టింది. కారణం అడిగితే చెప్పలేదు. తోడికోడళ్ళ మధ్య ఏదో ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వదిన ఇంటికి వెళ్ళి మిషన్‌కి నూనె వేశాను, బెల్టు విప్పాను. వదిన గుడ్డతో బల్లని తుడిచింది. ఒకే చోట చాలాసేపు తుడిచింది. పని లేక నేను ఆ ఎడమచేతి మిషన్ ఫోటోని మెకానిక్కుల గ్రూపులో పెట్టాను. 'మిత్రులారా, ముప్ఫై రెండేళ్ళ వృత్తిలో మొదటిసారి చూస్తున్నాను, ఎడమచేతివారి మిషన్, మా వదినగారికి కంపెనీవారు ప్రత్యేకంగా పంపుతున్నారు' అని రాసి కింద మూడు పువ్వులు పెట్టాను.

టేపాయన సరిగ్గా మూడింటికి వచ్చాడు. డబ్బు వదిన చేతిలో పెట్టాడు. మిషన్ తలభాగం నేను, ఇనుప కాళ్ళ స్టాండు ఆయన మోసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టాం. గదిలో కిటికీ పక్క నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి, చుట్టూ ఉన్న నేల కంటే అక్కడ రంగు కొత్తగా ఉంది. వదిన ఆ గుర్తుల మధ్య నిలబడి డిపాజిట్ పంపడానికి ఫోన్ తీసింది. ఖాతా నంబరున్న మెసేజ్ నా ఫోన్‌కి పంపి, నన్ను చదవమంది.

చదవడానికి నా ఫోన్ తీస్తే గ్రూపులో పదకొండు మెసేజ్‌లున్నాయి. పది చప్పట్లు. పదకొండోది మా గ్రూపులో అందరికంటే పెద్ద మేస్త్రిది. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పినాయన.

'ఒరేయ్, మిషన్ ఎడమచేతివాళ్ళదైతే అంకెలు కూడా ఎడమచేతివేనా? కుట్టు సైజు బిళ్ళ చూడు.'

ఫోటో పెద్దది చేసి చూశాను. కుట్టు పొడవు మార్చే గుండ్రటి బిళ్ళ మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్నాయి. రెండు వెనక్కి తిరిగి ఉంది. మూడు వెనక్కి తిరిగి ఉంది. నాలుగూ ఐదూ కూడా.

"వదినా, డబ్బు పంపకండి. ఇంట్లో చేతి అద్దం ఉందా?"

"ఇప్పుడు నీకు అద్దమెందుకు మరిదీ?"

"నా మొహానికి కాదు, మిషన్‌కి."

అద్దం తెచ్చింది. ఫోన్ ఎదురుగా పట్టుకుంది. అద్దంలో చక్రం బుద్ధిగా కుడిపక్కకి వచ్చి కూర్చుంది. అంకెలన్నీ సరిగ్గా నిలబడ్డాయి. అది ఎడమచేతి మిషన్ కాదు, మామూలు మిషన్ ఫోటోని కుడిఎడమలు తిరగేశారు. ఎవరిదో ఫోటో ఎత్తుకొచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే అసలుది తేలిగ్గా దొరక్కుండా అలా తిప్పుతారట, తరవాత మేస్త్రి చెప్పాడు. కంపెనీ పేరు ఉండే చోట మసకగా చెరిపారు. కానీ మిషన్ మెడ కింద గోరంత స్టిక్కర్ ఒకటుంది, అది వాళ్ళ కంట పడలేదు. వదిన కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చదివింది. 'వాడిన మిషన్ అమ్మబడును' అని, కింద ఒక ఫోన్ నంబరు.

ఆ నంబరుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతల ఎవరో విసుగ్గా ఎత్తాడు. ఫలానా మిషన్ గురించి అని మొదలుపెట్టానో లేదో ఆయనే అందుకున్నాడు.

"మీరూ అద్దంలో చదివారా?"

అవునన్నాను.

"ఆ మిషన్ నేను అమ్మేసి రెండేళ్ళయింది బాబూ. అమ్మకానికి పెట్టిన ఫోటో ఎవడో లాక్కుని ఊరందరికీ ఉచితంగా పంచుతున్నాడు. మీరు నాలుగోవాళ్ళు. డబ్బు కట్టారా?"

పన్నెండు వందలు అన్నాను. అయితే మీరే నయం, మీ ముందు ఒకావిడ మూడుసార్లు కట్టింది, డిపాజిట్ తరవాత పన్ను అన్నారు, పన్ను తరవాత బీమా అన్నారు, కట్టినకొద్దీ ఇంకో పేరు చెప్పారు అన్నాడు. మీవాళ్ళకి ఎవరు పని ఇస్తామన్నా, పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి కానీ అడక్కూడదని చెప్పండి, ఉంటాను అని పెట్టేశాడు.

వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తనే మేనేజర్‌కి మెసేజ్ పెట్టింది. డబ్బు సిద్ధంగా ఉంది, ఒక్క నిమిషం వీడియో కాల్‌లో ఆ మిషన్ మీద జానెడు గుడ్డ కుట్టి చూపించండి, వెంటనే పంపేస్తాను అని. పాత మిషన్ ఎవరు కొన్నా జానెడు గుడ్డ కుట్టి చూసి కొనడం మా పనిలో మామూలు. అవతల చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చుక్కలు ఊగాయి. మిషన్ సీల్ వేసి ఉంది మేడమ్ అని వచ్చింది. అయితే మీ మొహమైనా చూపించండి అంది. కంపెనీ పాలసీ ప్రకారం కెమెరా అనుమతి లేదు అని వచ్చింది. ఇంకో పది నిమిషాల్లో అవకాశం పోతుంది అని దాని వెంటే ఇంకోటి.

"పోనీ, పోతే పోనీ. నా పేరుకి సృష్టికర్త అని తగిలించాడు, ఆ మర్యాదకి పన్నెండు వందలు అనుకుంటా."

అనుకుని ఊరుకోవద్దని నేను పట్టుబట్టాను. మెసేజ్‌లన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, బ్యాంకుకి ఫోన్ చేసి, సైబర్ మోసాల ఫిర్యాదు కూడా పెట్టాకే వాడి నంబరు ఆపేశాం. డబ్బు తిరిగొస్తుందని చెప్పలేమన్నారు బ్యాంకువాళ్ళు. వెంటనే చెప్పి ఉంటే ఆపే వీలు ఎక్కువ ఉండేదట, మేము నాలుగు రోజులు ఆలస్యం చేశాం. డబ్బు వాపసు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది కూడా మోసమేనని హెచ్చరించారు.

ఈ గొడవంతా నడుస్తుంటే బయట వ్యాన్ హారన్ మోగింది. టేపాయన స్టాండుకి తాడు కట్టి, టీ కూడా తాగొచ్చి, మిషన్ బిగించడానికి తనతో రావాల్సిన మెకానిక్కు ఎక్కడ చచ్చాడని చూస్తున్నాడు.

అప్పటికి నాకు మోసం దొరికిందన్న గర్వమే ఉంది. అసలు సంగతి వదిన మొహం చూస్తే తెలిసింది. కొత్త మిషన్ రాదు. పాత మిషన్ వ్యాన్‌లో ఉంది. సోమవారానికి ఆవిడ ఆరు సంచులు, ఒక పెళ్ళివాళ్ళ దిండ్లు కుట్టి ఇవ్వాలి.

డబ్బు పట్టుకుని ఇద్దరం బయటికి వెళ్ళాం. జరిగింది చెప్పాం. టేపాయన మెడలో టేపు రెండు చివరలూ సమానంగా సర్దుకుంటూ అంతా విన్నాడు. పాపం అన్నాడు. ఎంత దొంగవెధవలో అన్నాడు. ఆ తరవాత, అమ్మినది అమ్మినట్టే కదమ్మా అన్నాడు. ఆయన బాధ ఆయనది. సోమవారం నుంచి కొత్తగా ఒకావిడ పనిలోకి వస్తోంది, ఆవిడకి మిషన్ కావాలి. ఇంకొకరు అమ్ముతానంటే నా మాట మీద వద్దని పంపేశాడు.

"నేను మిషన్ చూసి కొన్నానా? నీ మాట కొన్నాను. మాట వెనక్కి ఇస్తావా?"

వదిన వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడింది. బతిమాలలేదు. ఆవిడ ఎడమచెయ్యి మాత్రం మిషన్ చక్రం మీద ఉంది, అదేదో పిల్లాడి తల అయినట్టు.

నా కొట్లో ఒక మిషన్ ఉంది. మేస్త్రి నాకు పని నేర్పిన మిషన్. అమ్మమని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, రోజూ పొద్దున కొట్టు తెరవగానే దానికే మొదట నూనె. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అదే డబ్బుకి అది తీసుకో, దీన్ని దింపేసెయ్ అన్నాను.

టేపాయన నన్ను ఎగాదిగా చూశాడు. "సరే. ఈసారి నీ మాట మీద కొనను. జానెడు కుట్టి చూపించు."

వదిన మిషన్ దింపి కిటికీ పక్క ఆ నాలుగు గుర్తుల మీద నిలబెట్టి, బెల్టు తగిలించి, ముగ్గురం నా కొట్టుకి వెళ్ళాం. మా ఆవిడ అప్పటికే అక్కడుంది, అన్నం క్యారియర్ తెచ్చి గంట నుంచి ఎదురుచూస్తోంది. సంగతంతా వదినే చెప్పింది, నా పాత్ర ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది. మోసమని తేలాకైనా నాకో ఫోన్ చేసి చెప్పలేదేం అని మా ఆవిడ నన్నడిగింది. నువ్వెందుకు వద్దన్నావో నువ్వూ చెప్పలేదుగా అన్నాను.

"డబ్బులిచ్చేవాడు డబ్బులడగడమేమిటని అనుకున్నా. మీకన్నీ తెలుసు కదా, నాకే అర్థం కాలేదేమోనని ఊరుకున్నా."

ఆ మాటకి వదిన నవ్వాపుకోలేక పాత బెల్టుల మధ్య కూర్చుండిపోయింది.

నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. నాకు మిషన్లు బాగుచేయడం వచ్చు, కుట్టడం రాదు. ముప్ఫై రెండేళ్ళుగా ప్రతి మిషన్ మీదా రెండు అంగుళాలు కుట్టి బాగుందని తేల్చేవాణ్ణి, అంతకు మించి ఎవరూ అడగలేదు. టేపాయన గుడ్డముక్క ఇచ్చి టేపుతో జానెడు కొలిచి సుద్దతో గీత గీశాడు. మూడు అంగుళాల దాకా గీత మీదే వెళ్ళాను. అక్కణ్ణుంచి గీత ఒక దారి, నా కుట్టు ఒక దారి.

టేపాయన గుడ్డని వెలుతురుకి ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు.

"కుట్టు వంకర. మిషన్ మాత్రం బంగారం." వ్యాన్ తాళాలు జేబులోంచి తీశాడు. తలభాగం పట్టమని నన్ను పిలిచాడు.

పట్టాను. బరువుగా ఉంది. మా ఆవిడ, వదిన చెరో పక్క స్టాండు పట్టుకున్నారు. నేను వెనక్కి నడుస్తుంటే గడప తగలకుండా చూసుకోమని వదిన చెబుతూనే ఉంది. వ్యాన్ వెళ్ళిపోయాక కొట్టు మధ్యలో కాసేపు ఊరికే నిలబడ్డాను. వదిన టేపాయన ఇచ్చిన డబ్బు నా బల్ల మీద పెట్టి, నా చేతికి గుడ్డా నూనె డబ్బా ఇచ్చింది.

"రేపటి నుంచి పొద్దున్నే మా ఇంటికొచ్చి నా మిషన్‌కి వెయ్యి మరిదీ. అలవాటు తప్పకూడదు."